మూడు గోలీల పట్టీ, మియాదీ బుఖార్

మన ఇళ్ళలో ఫ్రిజ్ మీదో అల్మారా పైనో ఒక బిస్కెట్ల డబ్బా ఉంటుంది. బిస్కెట్లు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. అందులో ఇప్పుడు సగం వాడిన గోలీల పట్టీలు, మూత జిగురు పట్టిన దగ్గు సిరప్, ఒక థర్మామీటర్ ఉంటాయి. ఆ పట్టీల్లో ఒకటి తప్పకుండా అజిత్రోమైసిన్ 500 అయి ఉంటుంది. చాలామందికి దాని పేరు నోరు తిరగదు. "మూడు గోలీలది" అంటే చాలు, మెడికల్ షాపు అబ్బాయి చేయి దానంతటదే ఆ అర వైపు వెళ్తుంది. జుకాం పట్టినా, గొంతు గరగరలాడినా, పిల్లాడు స్కూలు నుంచి తుమ్ముతూ వచ్చినా అదే గోలీ. 2019లో మన దేశపు ప్రైవేటు మార్కెట్లో అన్నిటికంటే ఎక్కువగా వాడిన యాంటీబయాటిక్ ఈ 500 మిల్లీగ్రాముల అజిత్రోమైసిన్ మాత్రే. అంటే ఈ ఆదత్ మన మొహల్లాది మాత్రమే కాదు.

జుకాంకు, ఫ్లూకు ఈ గోలీ రవ్వంత కూడా పనిచేయదు. అది పనిచేసే అసలు బీమారీ ఒకటుంది, మన వైపు పిల్లల్ని ఇప్పటికీ మంచాన పడేసే బీమారీ. జలుబు కోసం మనం మింగే ప్రతి పట్టీ, ఆ బీమారీకి మిగిలిన ఆఖరి దవాలను కొంచెం కొంచెంగా మొద్దుబారుస్తోంది. ఈ రాతంతా ఆ సంగతి గురించే.

ముందు, మన అనుభవం ఎందుకు వేరే మాట చెబుతుందో చూద్దాం. మా పక్కింటి బాజీతో నాకు చాలా రోజులు ఇదే బహస్. "భాయ్, నువ్వెన్ని చెప్పినా సరే, నాకు మూడు గోలీలు పడితేనే తగ్గుతుంది. ప్రతిసారీ అంతే" అంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ప్రతిసారీ నిజంగానే తగ్గుతుంది. కాబట్టి ఆమె చెప్పిన ఒక జుకాంనే తారీఖుల వారీగా పెట్టి చూద్దాం.

శనివారం సాయంత్రం గొంతులో గరగర. ఆదివారం ముక్కు నీళ్ళలా కారడం, తుమ్ములు. సోమవారం తల బరువు, ఒళ్ళు నొప్పులు, కాస్త హరారత్. మంగళవారం ముక్కు బిగుసుకుపోయి, చీమిడి చిక్కబడి పసుపు, ఆకుపచ్చ రంగుకు తిరిగింది. బాజీ అప్పటిదాకా సబర్ పట్టింది. మంగళవారం రాత్రి ఆ రంగు చూసి భయపడి మొదటి గోలీ వేసుకుంది. బుధవారం రెండోది, గురువారం మూడోది. శుక్రవారం నాటికి తల తేలికైంది, ఆకలి వేసింది. దగ్గు మాత్రం ఇంకో పదిరోజులు సాగింది. దానికి ఆమె ఐస్‌క్రీమ్ మీద నేరం మోపింది.

ఇప్పుడు అదే జుకాం ఏ గోలీ వేసుకోని మనిషిలో ఎలా నడుస్తుందో చూడండి. జలుబు తెచ్చే వైరస్‌లలో ఎక్కువ వాటా రైనోవైరస్‌ది. ఒంట్లోకి వచ్చాక ఒకటి నుంచి మూడు రోజుల్లో గొంతు గరగర మొదలవుతుంది. రెండో రోజు, మూడో రోజు బాధ అన్నిటికంటే ఎక్కువ. ఆ తర్వాత దిగడం మొదలై, వారం నుంచి పది రోజుల్లో తేరుకుంటారు. దగ్గు రెండు మూడు వారాలు ఉండడం మామూలే. బాజీ క్యాలెండర్‌ను దీని పక్కన పెట్టండి. ఆమె గోలీ వేసుకున్న మంగళవారం, జుకాం తనంతట తాను కొండ దిగడం మొదలుపెట్టిన రోజు. మనం ఎప్పుడూ బాధ శిఖరం మీద ఉన్నప్పుడే దవా కోసం చెయ్యి చాస్తాం. శిఖరం తర్వాత దిగడం తప్ప ఇంకేముంటుంది? ఆ రోజు ఆమె గోలీకి బదులు జోషాందా తాగినా శుక్రవారానికే తగ్గేది. ఖిచిడీ తిని పడుకున్నా శుక్రవారానికే తగ్గేది. వరసగా ప్రతిసారీ ఇలాగే జరిగితే గోలీ మీద యఖీన్ కుదరకుండా ఎలా ఉంటుంది?

ఆ ఆకుపచ్చ రంగు గురించి ఒక మాట. "రంగు మారింది, ఇన్ఫెక్షన్ అయింది" అని డాక్టర్లే కొందరు అనేస్తారు. వైరస్‌తో పోరాడడానికి మన తెల్ల రక్తకణాలు ముక్కులోకి చేరుతాయి. వాటిలో ఒక ఎంజైమ్‌కు పుట్టుకతోనే ఆకుపచ్చ రంగు ఉంటుంది. ఆ కణాలు చచ్చి చీమిడిలో కలిస్తే రంగు వస్తుంది. అది మన ఫౌజ్ పనిచేస్తోందన్న నిషానీయే. రంగు ఒక్కదాన్ని చూసి బాక్టీరియా అనడానికి దలీల్ లేదు.

ఇక గోలీ ఎందుకు పనిచేయదో చూద్దాం. నేను చదివిన ఉర్దూ మీడియం బడిలో మాకు ఒకటే మాట నేర్పారు: జరాసీమ్. ఉర్దూ అఖ్బారులు యాంటీబయాటిక్‌ను జరాసీమ్‌కుష్ దవా అని రాస్తాయి, అంటే జరాసీమ్‌ను చంపే మందు అని. తెలుగులో డిగ్రీ చదివేటప్పుడు సూక్ష్మజీవి, క్రిమి అన్న మాటలు వచ్చాయి. గడబడ్ ఇక్కడే ఉందని నా అనుమానం. ఈ మాటలు బాక్టీరియానీ వైరస్‌నీ ఒకే గాట కట్టేస్తాయి. ఆ రెండిటి మధ్య ఫరక్ చీమకూ పాముకూ ఉన్నంత. బాక్టీరియా ఒక పూర్తి ప్రాణి. దానికి సొంత గోడ ఉంది, లోపల ప్రొటీన్లు తయారుచేసుకునే సొంత కార్ఖానా ఉంది. పెన్సిలిన్ ఖాందాన్ మందులు ఆ గోడను కూలుస్తాయి. అజిత్రోమైసిన్ ఆ కార్ఖానా యంత్రంలో ఇరుక్కుని దాన్ని ఆపేస్తుంది. వైరస్‌కు ఆ గోడా లేదు, కార్ఖానా కూడా లేదు. అది మన కణంలో దూరి మన కార్ఖానాతోనే పని చేయించుకుంటుంది. మన కార్ఖానా ఆకారం వేరు కాబట్టి అజిత్రోమైసిన్ దాన్ని తాకదు. తాకి ఉంటే మనమే బతికేవాళ్ళం కాదు. లేని తాళానికి చెవి తిప్పితే ఏం తెరుచుకుంటుంది? రోజుకు రెండు గోలీలు వేసుకున్నా, ఖరీదైన కంపెనీది వేసుకున్నా నతీజా అదే. కరోనా కాలంలో ఇంటింటికీ పంచిన కిట్లలో చాలా చోట్ల ఈ గోలీ ఉండేది. 2021లో బ్రిటన్‌లో పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఆస్పత్రిలో చేరిన కోవిడ్ మరీజులకైనా, ఇంట్లో ఉన్నవాళ్ళకైనా దానివల్ల ఫాయిదా లేదని తేలింది.

"పనిచేయకపోతే పోనీ, నుక్సాన్ ఏముంది?" ఇది రెండో సవాల్. నా దృష్టిలో అసలు సవాల్ ఇదే. ముక్కులోని వైరస్‌ను తాకని ఆ దవా ఊరికే కూర్చోదు. మన గొంతులో, పేగుల్లో కోట్ల కొద్దీ బాక్టీరియా కాపురం ఉంటుంది. చాలామటుకు మనకు మేలు చేసేదే. దవా అసర్ అంతా దాని మీద పడుతుంది. మెత్తనివి చస్తాయి. మందును తట్టుకునే మొండివి ఏవైనా నాలుగు ఉంటే, ఖాళీ అయిన జాగాలో అవి పెరుగుతాయి.

ఇది ఊహ కాదు. బెల్జియంలో ఆరోగ్యంగా ఉన్న 224 మంది మీద ఒక పరీక్ష జరిగింది, 2007లో అచ్చయింది. కొందరికి సరిగ్గా మన మూడు గోలీల కోర్సే ఇచ్చారు: రోజుకు 500 మిల్లీగ్రాముల అజిత్రోమైసిన్, మూడు రోజులు. కొందరికి అదే జాతి ఇంకో మందు, మిగతావాళ్ళకు ఉత్త గోలీ. గొంతులోంచి నమూనాలు తీస్తూ వెళ్ళారు. నాలుగో రోజుకల్లా అజిత్రోమైసిన్ మింగినవాళ్ళ గొంతుల్లో, స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియాలో ఆ మందును తట్టుకునే వాటి వాటా యాభై శాతం పాయింట్లకు మించి పెరిగింది. ఉత్త గోలీ వాళ్ళకూ వీళ్ళకూ ఆ ఫరక్ ఆరు నెలల దాకా కనిపిస్తూనే ఉంది. మూడు రోజుల గోలీ, ఆరు నెలల అసర్! దీనికి ఒక వజహ్ ఏమంటే, అజిత్రోమైసిన్ ఒంట్లోంచి చాలా నిదానంగా పోతుంది. సగానికి తగ్గడానికే దాదాపు 68 గంటలు పడుతుంది. మూడో గోలీ మింగాక కూడా రోజుల తరబడి సన్నని మోతాదులో మిగిలే ఉంటుంది. చంపడానికి చాలనంత, మొండివాటికి తాలీమ్ ఇవ్వడానికి సరిపోయేంత. ఇక ఆ గొంతుతో మనం ఒకే పళ్ళెంలో తింటాం, మనవళ్ళను ముద్దాడుతాం.

ఇప్పుడు మియాదీ బుఖార్ దగ్గరికి వద్దాం. టైఫాయిడ్‌కు మన నానీలు, దాదీలు వాడే పేరు ఇది. మియాద్ అంటే గడువు. మందులు లేని కాలంలో ఆ జ్వరం మూడు నాలుగు వారాల గడువు పూర్తి చేసుకునే దిగేది, లేదా మనిషిని తీసుకుపోయేది. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చి ఆ గడువును తెంపింది. 1972 నాటికి కేరళలోని కాలికట్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ బయటపడింది. ఆ తర్వాత ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ కూడా చేజారాయి. సిప్రోఫ్లాక్ససిన్ వచ్చింది, పదిహేనేళ్ళు ఏలింది, అదీ మొద్దుబారింది. ఈరోజు మన దేశంలో టైఫాయిడ్‌కు నమ్మకంగా ఇచ్చే మందుల్లో ముఖ్యమైనవి సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్, దాని ఖాందాన్‌లోదే సెఫిక్సిమ్ గోలీ, ఇంకా మన అజిత్రోమైసిన్. డబ్బాలో పడి ఉన్న అదే మూడు గోలీలది.

మన హైదరాబాద్‌కు అదే పేరుగల బెహన్ ఒకతి సింధ్‌లో ఉంది. 2016 నవంబర్ నుంచి అక్కడి లతీఫాబాద్, ఖాసిమాబాద్ ఇలాఖాల్లో పిల్లలు టైఫాయిడ్‌తో ఆస్పత్రులకు వచ్చారు. మోరీ నీళ్ళు తాగునీటిలో కలవడం మూలం. డాక్టర్లు సెఫ్ట్రియాక్సోన్ ఎక్కించారు, జ్వరం దిగలేదు. పరీక్షిస్తే ఆ బాక్టీరియా అయిదు రకాల మందులకు లొంగడం లేదని తేలింది. 2018 డిసెంబర్ నాటికి సింధ్ రాష్ట్రంలో ఇలాంటి కేసులు 5,000 దాటాయి. ఆ పిల్లలకు నోటితో ఇవ్వడానికి మిగిలిన గోలీ అజిత్రోమైసిన్ ఒక్కటే. అది కుదరకపోతే మెరోపెనెమ్ వంటి ఖరీదైన ఇంజెక్షన్, ఆస్పత్రి మంచం. రోజు కూలీ తల్లిదండ్రులకు ఈ రెండిటి మధ్య ఫరక్ ఎంతో నేను లెక్క వేయనక్కర్లేదు.

ఆ టైఫాయిడ్‌కు అంత బలం ఎక్కడినుంచి వచ్చింది? దాని జన్యువులను చదివిన శాస్త్రవేత్తలకు అందులో ఒక చిన్న డీఎన్ఏ ఉంగరం దొరికింది. ప్లాస్మిడ్ అంటారు. సెఫ్ట్రియాక్సోన్‌ను ముక్కలు చేసే హునర్ ఆ ఉంగరం మీదే రాసి ఉంది. అలాంటి ఉంగరాలు ఎక్కడ ఉంటాయి? ఇ. కోలై వంటి మామూలు పేగు బాక్టీరియాలో. బాక్టీరియాలు ఈ ఉంగరాలను ఒకదానికొకటి ఇచ్చుకుంటాయి, జాతి వేరైనా సరే. జలుబుకు మింగిన యాంటీబయాటిక్ ఏది పడితే అది, మన పేగుల్లో ఇలాంటి ఉంగరం తొడుక్కున్నవాటిని మిగిల్చి, మిగతావాటిని ఊడ్చేస్తుంది. తర్వాత ఎప్పుడో కలుషిత నీళ్ళతో టైఫాయిడ్ బాక్టీరియా అదే పేగులోకి వస్తుంది. ఉంగరం చేతులు మారడానికి అంతకంటే ఏం కావాలి? సింధ్‌లో ఏ ఇంటి ఏ గోలీ వల్ల ఇది జరిగిందో ఎవరూ చూపించలేరు. దారి మాత్రం ఇదే. అజిత్రోమైసిన్ సంగతి ఇంకా నాజూకు. బంగ్లాదేశ్‌లో దాన్ని తట్టుకునే టైఫాయిడ్ ఇప్పటికే దొరికింది. దానికి ఉంగరం కూడా అక్కర్లేకపోయింది, జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది.

ఆ సింధీ పిల్లల కోసం వెళ్ళిన టైఫాయిడ్ టీకా మన హైదరాబాద్‌లో, భారత్ బయోటెక్‌లో తయారైంది. 2019లో పాకిస్తాన్ దాన్ని పిల్లల మామూలు టీకాల జాబితాలో చేర్చింది. ఇక్కడి పిల్లల డాక్టర్లు కూడా వేస్తారు. పెళ్ళి విందుల్లో, బయటి నీళ్ళతో తిరిగే మన పిల్లలకు వేయించారా అని అడిగితే చాలా ఇళ్ళలో ఖామోషీయే జవాబు. అజిత్రోమైసిన్ పట్టీ మాత్రం ఉంటుంది.

మన పట్టణాల్లో ఇంకో తమాషా నడుస్తోంది. ఫ్లూ వచ్చి రెండో రోజు జ్వరం 102 చూపిస్తే, ల్యాబ్‌కు పంపి వైడాల్ పరీక్ష చేయిస్తారు. రిపోర్ట్‌లో ఏదో ఒక అంకె పక్కన పాజిటివ్ అని వస్తుంది. "టైఫాయిడ్ ఉంది" అంటారు. గోలీలు, సెలైన్, ఇంజెక్షన్లు మొదలు. వైడాల్ చూసేది టైఫాయిడ్ బాక్టీరియాను కాదు, దాని మీద మన ఒళ్ళు తయారుచేసిన ఆంటీబాడీలను. అవి పెరగడానికి వారం దాకా పడుతుంది. పాత ఇన్ఫెక్షన్ వల్లా, దానికి చుట్టాలైన వేరే బాక్టీరియా వల్లా కూడా అంకె కనిపిస్తుంది. టైఫాయిడ్ ఎక్కువగా ఉండే మన వంటి చోట రెండో రోజు వైడాల్ పెద్దగా ఏమీ తేల్చదు. తేల్చేది బ్లడ్ కల్చర్. మొదటి వారంలో, యాంటీబయాటిక్ పడకముందు రక్తం తీయాలి. అందులో బాక్టీరియా పెరిగితే దానికి ఏ మందు పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. ముందే డబ్బాలోంచి రెండు గోలీలు వేసుకుని వెళ్తే కల్చర్‌లో ఏదీ పెరగక, నిజంగా టైఫాయిడ్ ఉన్నా దొరక్కుండా పోతుంది.

ఇందులో తప్పంతా ఇంటివాళ్ళదే అని నేను అనను. డాక్టరు ఫీజు, ల్యాబ్ ఖర్చు, ఒక రోజు కూలీ కలిపితే పట్టీ ధరకు ఎన్నో రెట్లు. ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళిన మరీజ్ ఖాళీ చేతులతో పంపితే మళ్ళీ రాడని ఆయన డర్. మెడికల్ షాపుకు పట్టీ మీద ఎర్ర గీత కనిపిస్తూనే ఉంటుంది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదన్న గీత అది. నా అభిప్రాయంలో ఆ గీత దగ్గరే గట్టిగా పట్టుకోవాలి, ఇంటి ఆడవాళ్ళకు తఖ్రీరులు ఇవ్వడం కంటే. అయినా ఒక పని మన చేతుల్లో ఉంది. డాక్టర్ యాంటీబయాటిక్ రాస్తే, "డాక్టర్ సాబ్, ఇది బాక్టీరియా అని దేన్నిబట్టి అనుకుంటున్నారు? రెండు రోజులు ఆగి చూడొచ్చా?" అని అదబ్‌తో అడగండి. చాలామంది డాక్టర్లు మనం అడుగుతామేమోననే ఆ మందు రాస్తారు. అక్కర్లేదని మనమే అంటే వాళ్ళకూ హాయి. "కోర్సు పూర్తి చేయాలి కదా" అని అక్కర్లేని కోర్సును లాగేవాళ్ళను కూడా చూశాను. ఆ మాట అవసరమైన కోర్సుకు. జలుబే అని డాక్టర్ తేల్చాక మిగతా గోలీలు మింగడంలో ఏ సవాబూ లేదు.

జలుబుకు ఏం చేయాలంటే, జ్వరానికి పారాసెటమాల్, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలి, ముక్కుకు సెలైన్ చుక్కలు, నిద్ర. ఏడాది దాటిన పిల్లలకు దగ్గుకు చెంచా తేనె. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలు వద్దు. జోషాందా తాగండి, వైరస్‌ను చంపదు గానీ గొంతుకు ఆరామ్. ఫ్లూకు వేరే దవా ఉంది, ఒసెల్టామివిర్. మొదటి 48 గంటల్లో మొదలుపెడితే మేలు. గర్భిణులకు, పెద్దవయసు వాళ్ళకు, షుగర్, ఉబ్బసం ఉన్నవాళ్ళకు దాని గురించి డాక్టర్‌ను వెంటనే అడగాలి. ఉమ్రాకో హజ్‌కో వెళ్ళేవాళ్ళు బ్యాగులో అజిత్రోమైసిన్ పట్టీలు పెట్టుకుంటారు. అక్కడి జనసమ్మర్దంలో పట్టే దగ్గు, జలుబు కూడా ఎక్కువగా వైరస్‌లవే. వాళ్ళకు కావాల్సింది ప్రయాణానికి రెండు వారాల ముందే ఫ్లూ టీకా.

బాక్టీరియా నిజంగా వచ్చే సందర్భాలు ఉన్నాయి, అప్పుడు ఆలస్యం ఖతర్నాక్. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోవడం. తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరం, బాధ తిరగబెట్టడం, ముఖ్యంగా ఫ్లూ తర్వాత. దగ్గు, ముక్కు కారడం లేకుండా గొంతు నొప్పి, జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లని చీము, దవడ కింద గడ్డలు. జలుబు లక్షణాలు లేకుండా మూడు నాలుగు రోజులకు మించి సాగే జ్వరం; మియాదీ బుఖార్ అనుమానం ఇక్కడ మొదలవ్వాలి, కల్చర్ ఇక్కడ చేయించాలి. చిన్నపిల్లలైతే ఊపిరి లెక్కపెట్టండి. పిల్లాడు ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో చూడాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు 50 లేదా ఆపైన, ఏడాది నుంచి అయిదేళ్ళ వరకు 40 లేదా ఆపైన ఉంటే, లేదా ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే అది న్యుమోనియా కావచ్చు. అప్పుడు మెడికల్ షాపుకు కాదు, రాత్రి రెండైనా సరే దవాఖానాకు వెళ్ళాలి. రెండు నెలలు నిండని పసికందుకు జ్వరం వచ్చినా, పాలు పట్టకపోయినా ఈ లెక్కలేవీ వేయకుండా నేరుగా తీసుకెళ్ళాలి.